ఒకే రోజు మందూ నిద్రమాత్రా ఆపేస్తే మెదడులో ఏమవుతుంది

"మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్నకి 54 ఏళ్ళు. పదేళ్ళుగా రోజూ రాత్రి ఒక క్వార్టర్ తాగుతారు. రెండేళ్ళ నుంచి నిద్ర కోసం ఆల్ప్రాజోలం 0.5 కూడా వేసుకుంటున్నారు. ఈసారి అయ్యప్ప మాల వేసుకుంటా, రెండూ ఆ రోజే వదిలేస్తా అంటున్నారు. మాకు సంతోషమే, కానీ గతేడాది మా వీధిలో ఒకాయనకి ఇలాగే ఆపాక ఫిట్స్ వచ్చాయి. ఇవి గాబా అనే మెదడు రసాయనం మీద పనిచేసి మెదడును శాంతపరుస్తాయని చదివాను. శాంతపరిచేదాన్ని ఆపితే ఫిట్స్ ఎందుకు రావాలి? గాబా తగ్గిపోతుందా?"

ముందు చేయాల్సిన పని చెప్తానండి, తర్వాత కారణం. రెండూ ఒకే రోజు ఆపనివ్వకండి. మాల వేసుకునే రోజుకి కనీసం మూడు వారాల ముందు డాక్టర్‌కు చూపించండి. ఆయన్ని చూపించేదాకా "ఇవాళే మానేయ్" అని ఇంట్లో ఎవరూ పట్టుబట్టొద్దు.

నేను గోదావరి డెల్టాలో 23 ఏళ్ళుగా ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. కార్తీకం మొదలైన రోజుల్లో ఫిట్స్‌తో, వణుకుతో మా దగ్గరకు తీసుకొచ్చే మగవాళ్ళలో కొందరి మెడలో కొత్త మాల ఉంటుంది. మంచి సంకల్పంతో మానేసిన మనుషులు వాళ్ళు. ఇంట్లోవాళ్ళు ఉపవాసం పడలేదనో, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం పడలేదనో అనుకుంటూ రెండు రోజులు గడిపేసి ఉంటారు. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

మెదడులోని ఒక నాడీకణాన్ని ఊహించుకోండి. ఊరికే ఉన్నప్పుడు దాని లోపలి భాగం బయటతో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువలో, అంటే మైనస్ 70 దగ్గర ఉంటుంది. అది మైనస్ 55 దాకా పైకి వచ్చిందంటే కణం ఒక్కసారి పేలినట్టు సంకేతం పంపిస్తుంది. దాన్ని పైకి నెట్టే ప్రధాన రసాయనం గ్లూటమేట్. కిందకి లాగి పట్టుకునేది గాబా. గమ్మత్తేమిటంటే ఆ గాబా గ్లూటమేట్ నుంచే, ఒక ఎంజైము చేతిలో ఒక్క అడుగులో తయారవుతుంది. ఉరకలెత్తించే పదార్థాన్నే కొద్దిగా మార్చి మెదడు కళ్ళెం చేసుకుంది.

ఈ లాగుడు, నెట్టుడు మన వంటింటి ఉప్పులోని రెండు భాగాలతోనే ఎక్కువగా నడుస్తుంది. గ్లూటమేట్ వచ్చి తలుపు తీస్తే సోడియం లోపలికి వస్తుంది. అది ధనావేశం, కాబట్టి కణం పైకి లేస్తుంది. గాబా వచ్చి తన తలుపు తీస్తే క్లోరైడ్ లోపలికి వస్తుంది. అది ఋణావేశం, కాబట్టి కణం మైనస్ 70 వైపు వెనక్కి జారుతుంది. కణం అప్పటికే మైనస్ 70 దగ్గర ఉంటే క్లోరైడ్ వల్ల అంకె పెద్దగా మారదు. అయినా గాబా పనిచేస్తూనే ఉంటుంది. చేలో మడికి నీళ్ళు పెడుతున్నప్పుడు గట్టుకు గండి పడి ఉందనుకోండి. బోదె నుంచి ఎంత నీరు వదిలినా మడి నిండదు, వచ్చినదంతా గండిలోంచి పోతుంటుంది. గాబా తలుపులు తెరిచి ఉన్నంతసేపు గ్లూటమేట్ తెచ్చే ఉత్తేజం అలాగే కారిపోతుంది. కణం మైనస్ 55 దాకా ఎక్కలేదు. నాడీకణాన్ని గాబా "నెమ్మదింపజేస్తుంది" అంటే జరిగేది ఇది.

గాబా లేకపోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు కళ్ళారా చూసినవాళ్ళే. తుప్పు మేకు గుచ్చుకుని వచ్చే ధనుర్వాతం అదే. ఆ క్రిమి విషం వెన్నుపాములోకి చేరి, గాబానీ దాని తోడు గ్లైసీన్‌నీ నాడీకొసల నుంచి బయటికి రానివ్వదు. కళ్ళెం పోయిన కండరాలు చిన్న చప్పుడుకే బిగుసుకుపోయి మనిషి విల్లులా వంగిపోతాడు. దానికి వాడే వాటిలో డయజెపామ్ ఒకటి కావడం యాదృచ్ఛికం కాదు.

ఇప్పుడు ఆ గాబా తలుపు దగ్గరికి వద్దాం. అది ఐదు ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా కూర్చుని, మధ్యలో రంధ్రం వదిలినట్టుండే నిర్మాణం. కాలువకు ఉండే తూము అనుకోండి. గాబా కూర్చోవడానికి దాని మీద రెండు చోట్లు ఉన్నాయి. వాటికి దూరంగా, వేరే రెండు ముక్కల సందులో, ఇంకో చోటు ఉంది. ఆల్ప్రాజోలం, డయజెపామ్, లోరాజెపామ్, క్లోనజెపామ్, ఇలా బెంజోడయజెపైన్లన్నీ కూర్చునేది అక్కడే. ఈ జాతిలో మొట్టమొదటిదైన క్లోర్‌డయజెపాక్సైడ్ 1960లో, డయజెపామ్ 1963లో మార్కెట్లోకి వచ్చాయి. రెండూ లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాల నుంచి పుట్టినవే. ఆ మాత్రలు మెదడులో ఏ చోట కూర్చుంటాయో తెలిసింది మాత్రం 1977లో. అంటే 17 ఏళ్ళపాటు డాక్టర్లు ఆ చోటు ఎక్కడుందో తెలియకుండానే వాటిని రాశారు.

బెంజోడయజెపైన్ తనంతట తాను తూము తీయలేదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. తీసేది గాబాయే. మాత్ర చేసేదల్లా గాబా చేతికి తూము తేలికయ్యేలా చేయడం. అదే గాబాకి తూము ఎక్కువసార్లు తెరుచుకుంటుంది. పాతకాలపు నిద్రమందులైన బార్బిచ్యురేట్లు వేరు. అవి తెరిచిన తూమును ఎక్కువసేపు తెరిచే ఉంచుతాయి, మోతాదు పెరిగితే గాబా లేకుండానే తెరిచేస్తాయి. అందుకే అవి ఎక్కువగా మింగితే ఊపిరి ఆగి చనిపోయేవారు. బెంజోడయజెపైన్‌కు గాబా ఎంత ఉంటే అంతవరకే హద్దు. ఒక్క వాటినే ఎక్కువ మింగినవాళ్ళు చాలామంది గాఢనిద్రలో పడి, చికిత్సతో బయటపడతారు.

అయితే మందు దానికి తోడైతే ఆ హద్దు చెల్లదు. ఆల్కహాల్‌కు తూము మీద అంత కచ్చితమైన ఒక్క చోటు లేదు. అది చిన్న అణువు, చాలా చోట్ల వేలు పెడుతుంది. గాబా తూములను బలపరుస్తుంది. అదే సమయంలో ఎన్‌ఎండీఏ అనే గ్లూటమేట్ తలుపును నొక్కి పెడుతుంది. అంటే ఒక చేత్తో కళ్ళెం బిగిస్తూ రెండో చేత్తో కొరడా లాగేసుకుంటుంది. ఇలా మందు మీద మాత్ర కూడా పడ్డప్పుడు ఊపిరిని నడిపే మెదడు కాండం కూడా మొద్దుబారవచ్చు. నిద్రలో గురక పెట్టి, పెట్టి, ఆగిపోయినవాళ్ళని నేను చూశాను. రాత్రి కాలువగట్టు రోడ్డు మీద బండి నడుపుతూ నీళ్ళలోకి వెళ్ళిపోయినవాళ్ళనీ చూశాను. మీ నాన్నగారు ప్రస్తుతం రోజూ చేస్తున్నది ఈ కలయికే. మాల సంగతి పక్కన పెట్టినా డాక్టర్‌కి చెప్పాల్సిన మాట ఇది.

మరి శాంతపరిచేదే అలవాటుగా ఎలా మారింది? గాబా తగ్గిపోవడం కాదండి అసలు సమస్య. నెట్‌లో అమ్మే గాబా మాత్రలు కొనకండి, మింగిన గాబా రక్తం నుంచి మెదడులోకి పెద్దగా దాటదు. మారేది తూములు.

మెదడుకు తన పని సాగాలి. పొద్దున్న లేవాలి, చెరువు దగ్గరికి వెళ్ళాలి, లెక్కలు చూడాలి. ప్రతి రాత్రీ ఎవరో కళ్ళెం గట్టిగా బిగిస్తుంటే అది ఎదురు లాగడం మొదలుపెడుతుంది. కొన్ని గాబా తూములను కణం లోపలికి లాగేసుకుంటుంది. మిగిలిన వాటిలో కొన్నింటి ముక్కలు మార్చేస్తుంది. ఎక్కువకాలం మందు పడిన మెదడులో, ఆల్ఫా-1 అనే రకం ముక్క తగ్గి ఆల్ఫా-4 రకం పెరుగుతుందని ముఖ్యంగా జంతువుల మీది ప్రయోగాల్లో చూశారు. ఆల్ఫా-4 ఉన్న తూముకి డయజెపామ్ అతకదు. ఇంకోవైపు ఆల్కహాల్ నొక్కిపెట్టే ఎన్‌ఎండీఏ తలుపులను మెదడు సంఖ్యలో పెంచుకుంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి, మందు లోపల ఉంటేనే మనిషి మామూలుగా కనిపించేంత సమతూకం కుదురుతుంది. అదే మందుకు మునుపటి కిక్కు రాదు, క్వార్టర్ చాలదు, హాఫ్ కావాలి. అరమాత్ర ఒకటవుతుంది.

గేదెను పలుపుతో గట్టిగా వెనక్కి లాగి పట్టుకున్న మనిషిని చూసే ఉంటారు. పలుపు తెగితే గేదె ఎక్కడికి పోయిందన్నది తర్వాత, లాగుతున్న మనిషి ముందు వెల్లకిలా పడతాడు. అక్కడ అతని బలమే అతన్ని పడగొట్టింది. ఇక్కడ లాగుతున్నది మెదడు. మందు ఒక్కసారిగా ఆగితే, తూములు తగ్గిపోయి, గ్లూటమేట్ తలుపులు పెరిగిపోయిన మెదడు ఒంటరిగా మిగులుతుంది. దాన్ని తిరిగి సర్దుకోవడానికి రోజులు, వారాలు కావాలి. రక్తంలోంచి మందు దిగిపోవడానికి గంటలే చాలు. ఆ వ్యవధి తేడాలోనే వణుకూ ఫిట్స్ అన్నీ పుడతాయి.

ఇది వ్యసనానికి ఒక ముఖమే. రెండో ముఖం ఆనందం. మెదడు నడిమి భాగంలో, ఆ ఆనందానికి తోడ్పడే డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు ఉన్నాయి. వాటిని అదుపులో పెట్టే కాపలా కణాలు కూడా గాబా కణాలే. బెంజోడయజెపైన్ ఆ కాపలావాళ్ళనే ముందు నిద్రపుచ్చడం వల్ల డోపమైన్ కణాలకు అడ్డు తగ్గుతుందని ఎలుకల్లో 2010లో చూపించారు. మళ్ళీ కావాలనిపించడానికి అది ఒక కారణం. కానీ మా ప్రాంతంలో ఆల్ప్రాజోలంతో నేను చూసే చిక్కు ఎక్కువగా కోరిక నుంచి రాదు, భయం నుంచి వస్తుంది.

ఆల్ప్రాజోలం రక్తంలో సగానికి దిగడానికి సుమారు 11 గంటలు పడుతుంది. రాత్రి పదింటికి వేసుకుంటే మరునాటి ఉదయానికి సగం దిగిపోతుంది, మధ్యాహ్నానికి ఇంకా తగ్గుతుంది. అప్పటికి తూములు తగ్గి ఉన్న మెదడుకి గుండె దడ, అరచేతుల చెమట, ఏదో జరగబోతోందన్న భయం మొదలవుతాయి. మనిషి ఏమనుకుంటాడు? "నాకు టెన్షన్ రోగం ఉంది, మాత్ర లేకపోతే పనికిరాను" అనుకుంటాడు. మాత్ర వేసుకోగానే తగ్గుతుంది కాబట్టి ఆ నమ్మకం గట్టిపడుతుంది. నిజానికి ఆ టెన్షన్‌లో పెద్ద భాగం మాత్ర దిగిపోతుండడం వల్ల వచ్చినదే. నాలుగు వారాలకు మించి రోజూ వాడొద్దని చెప్పేది ఇందుకే. 2013లో ఆల్ప్రాజోలంను షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో చేర్చారు. మందుల షాపువాళ్ళు చీటీ వివరాలు ప్రత్యేక రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. అయినా పాత చీటీని పట్టుకుని ఏళ్ళ తరబడి కొనుక్కునేవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు ఒక కేసు చెప్తాను. గుర్తుపట్టడానికి వీలైన వివరాలు మార్చాను, సమయాలు మాత్రం ఉన్నవే.

46 ఏళ్ళ రొయ్యల రైతు. పశ్చిమ డెల్టాలో నాలుగు చెరువులు. వనామీ పంట చివరి నెలల్లో రాత్రంతా ఏరియేటర్ల మీద చెవి వేసుకుని ఉండాలి, కరెంటు పోతే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. ఎనిమిదేళ్ళుగా రాత్రి హాఫ్ తాగేవాడు. హాఫ్ అంటే 375 మిల్లీలీటర్లు, మన దగ్గర అమ్మే విస్కీ బలం 42.8 శాతం. లెక్క వేస్తే సుమారు 125 గ్రాముల అసలు ఆల్కహాల్. మీ నాన్నగారి క్వార్టర్‌లో అది సుమారు 60 గ్రాములు, అదీ తక్కువేం కాదు.

మంగళవారం రాత్రి 9 గంటలకు చివరి గ్లాసు. బుధవారం వేకువన మాల వేసుకున్నాడు. ఉదయం 9కి, అంటే 12 గంటలకు, కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికింది. సాయంత్రానికి ఒళ్ళంతా చెమట, వాంతి, చప్పుడంటే చిరాకు. రాత్రి కన్ను మూతపడలేదు. గురువారం తెల్లవారుజామున 4 గంటలకు, చివరి గ్లాసు నుంచి 31వ గంటలో, ఫిట్స్ వచ్చాయి. రెండు నిమిషాలు కొట్టుకున్నాడు, నాలుక కరుచుకున్నాడు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. దానివల్ల ఏ ఉపయోగమూ లేదు, దయచేసి అలా చేయకండి. నోట్లో ఏమీ పెట్టకుండా, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, టైము చూసి బయల్దేరాలి.

నా దగ్గరికి వచ్చేటప్పటికి నాడి 124, బీపీ 170/100, చక్కెర 96. తలకు దెబ్బ లేదు. విటమిన్ బి1, అంటే థయమిన్, ఇంజెక్షన్ ముందు ఇచ్చాం. రోజూ తాగేవాళ్ళలో అది తగ్గిపోయి ఉంటుంది. ఆ లోటు అలాగే ఉండగా గ్లూకోజు బాటిల్ పెడితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. "నీరసంగా ఉన్నాడు, ఒక సెలైను ఎక్కించండి" అని పల్లెల్లో అడుగుతుంటారు, అందుకే ఈ మాట ఇంత నొక్కి చెప్తున్నాను. తర్వాత లోరాజెపామ్ ఇంజెక్షన్, ఆపైన క్లోర్‌డయజెపాక్సైడ్ 25 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు పూటలా రాశాను.

మందు మాన్పించడానికి మళ్ళీ బెంజోడయజెపైనే ఎందుకు అని వాళ్ళావిడ అడిగారు. న్యాయమైన ప్రశ్న. తెగిపోయిన పలుపు స్థానంలో ఇంకో పలుపు కట్టి, దాన్ని రోజుకు కొంచెం చొప్పున వదలడం అది. ఆల్కహాల్ బలపరిచే తూమునే ఇదీ బలపరుస్తుంది. పైగా క్లోర్‌డయజెపాక్సైడ్, డయజెపామ్ లాంటివి శరీరంలోంచి రోజుల తరబడి మెల్లగా దిగుతాయి కాబట్టి కుదుపు ఉండదు. లివర్ బాగా చెడినవాళ్ళకు అదే ఇబ్బంది, దిగక పేరుకుపోతాయి. వాళ్ళకి లోరాజెపామ్ వాడతాం.

శుక్రవారం పగలు బాగానే ఉన్నాడు. రాత్రి 11కి, 74వ గంటలో, మంచం మీద లేచి కూర్చుని అరవడం మొదలుపెట్టాడు. "మూడో చెరువులో ఏరియేటర్ ఆగిపోయింది, రొయ్యలు తేలుతున్నాయి, జనరేటర్ వెయ్యండ్రా" అని. దుప్పటి మీద పాకుతున్న రొయ్యల్ని ఏరి పక్కన పడేస్తున్నాడు. తను ఎక్కడున్నాడో, ఏ రోజో తెలియదు. జ్వరం 101. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చాలామందికి రాదు, కానీ వస్తే ఐసీయూలో చూడాల్సినంత ప్రమాదం. కొందరికి ఆ స్థితిలో తమ రోజువారీ పనే కళ్ళముందు కనపడుతుంది. లారీ డ్రైవర్ గాలిలో స్టీరింగ్ తిప్పుతాడు, ఈయన చెరువు కాపలా కాశాడు.

మాత్రలు ఇస్తున్నా ఇది ఎందుకు వచ్చింది? ఆ రాత్రి ఆయన బావమరిది ఇరుముడి సంచి కోసం సామాన్లు సర్దుతుంటే ఆల్ప్రాజోలం స్ట్రిప్పులు దొరికాయి. రెండేళ్ళుగా వాడుతున్నాడు, ఆర్నెల్ల నుంచి రోజుకు 1 మిల్లీగ్రాము. ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను మందు ఒక్కటే లెక్కలో పెట్టుకుని మోతాదు నిర్ణయించాను, రెండు పలుపులు తెగాయని నాకు తెలియదు. నేను అడగవలసింది "ఇంకేమైనా మాత్రలు వాడతారా" అని కాదు, "నిద్రకు ఏం వేసుకుంటారు" అని. నిద్రమాత్రను చాలామంది మాత్రగా లెక్కపెట్టరు. ఆ రోజు నుంచి ప్రతి ఒక్కరినీ అలాగే అడుగుతున్నాను.

ఐసీయూలో డయజెపామ్ 10 మిల్లీగ్రాముల చొప్పున నరానికి ఇస్తూ, ఊపిరి గమనిస్తూ, శాంతించేదాకా వెళ్ళాం. తెల్లారేసరికి 80 మిల్లీగ్రాములు పట్టింది. అలవాటు లేని మనిషికి 10 మిల్లీగ్రాములకే మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. తూములు ఎంతగా మారిపోతాయో ఆ అంకెలో కనిపిస్తుంది. ఐదో రోజుకి తేటపడ్డాడు. రొయ్యల సంగతి ఏమీ గుర్తులేదు.

ఆల్ప్రాజోలం సంగతి అంత త్వరగా తేలలేదు. దాన్ని దాదాపు సమానమైన డయజెపామ్‌కి మార్చాం. ఆల్ప్రాజోలం 1 మిల్లీగ్రాముకి సుమారు 20 అని లెక్క, కొందరు డాక్టర్లు తక్కువ కడతారు. రెండు వారాలకు 2 మిల్లీగ్రాముల చొప్పున 20 నుంచి 10కి దిగాం. అక్కడి నుంచి 2 మిల్లీగ్రాముల మాత్రను సగం చేసి, రెండు వారాలకు 1 చొప్పున దిగాం. మొత్తం ఏడు నెలలు. 20లోంచి 2 తీస్తే పదో వంతు, 4లోంచి 2 తీస్తే సగం. చివరి మెట్లు అందరూ తొందరగా దిగాలనుకుంటారు, జారిపడేదీ అక్కడే. ఈ అంకెలు ఆయనవి, మీ నాన్నగారికి ఇవే వాడకండి.

ఇక "పోయినేడు మాలకి మానేశారు, ఏమీ కాలేదు కదా" అన్న మాట. ఈ మాట ఇంట్లో ఎవరైనా అంటే నమ్మకండి. ఆ రైతు అంతకుముందు మూడుసార్లు మాల వేశాడు. మొదటిసారి నిద్ర పట్టలేదు, రెండోసారి వణుకు, మూడోసారి వణుకుతో పాటు ఒక రాత్రి ఎవరో పిలిచినట్టు వినిపించింది, నాలుగోసారి ఇది. మెదడు పలుపు తెగి పడ్డ ప్రతిసారీ మరుసటిసారి ఇంకాస్త తేలిగ్గా పడుతుంది. మండల దీక్ష 41 రోజులు కాగానే మళ్ళీ మొదలుపెట్టి, ఏడాదికి ఒకసారి ఉన్నట్టుండి ఆపేవాళ్ళకి ఈ ప్రమాదం మెట్టు మెట్టుగా పెరుగుతుంది. కాబట్టి మీ నాన్నగారు ఇంతకుముందు ఎన్నిసార్లు మానారో, ఆ మొదటి మూడు రోజులు ఎలా గడిచాయో డాక్టర్‌కి చెప్పాలి.

కల్లు గురించి కూడా ఒక మాట. తాటికల్లు, కొబ్బరికల్లు తేలికపాటివి కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. తెలంగాణలో ఆల్ప్రాజోలం, డయజెపామ్ కలిపిన కల్తీకల్లు ఎన్నోసార్లు పట్టుబడింది. అలాంటిది తాగేవాళ్ళకు తమకు తెలియకుండానే బెంజోడయజెపైన్ అలవాటై ఉంటుంది. కల్లు మాత్రమే తాగుతానన్న మనిషి మానిన రెండు మూడు రోజులకు ఫిట్స్‌తో వస్తే నేను ఆ దిశగా ఆలోచిస్తాను.

మీ నాన్నగారికి వద్దాం. అందరికీ ఫిట్స్ రావు, ఎక్కువమందికి వణుకు, చెమట, నిద్రలేమితో నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. ఆయనలో ఎంత ప్రమాదం ఉందో మీరు కొంత పసిగట్టవచ్చు. ఉదయం పూట, రాత్రి తాగినది దిగిపోయాక, రెండు చేతులూ చాచమనండి. వేళ్ళు సన్నగా వణుకుతున్నా, పొద్దున్నే ఒక గుక్క పడితేగాని కుదుటపడకపోయినా, ఇంతకుముందు ఫిట్స్ వచ్చి ఉన్నా ఇంట్లో మాన్పించకండి, ఆస్పత్రిలో చేర్చాలి.

డాక్టర్ సాధారణంగా మందును ముందు మాన్పిస్తారు. దానికి వారం పది రోజుల పాటు తగ్గించుకుంటూ పోయే మాత్రలు, థయమిన్ ఇస్తారు. ఆ సమయంలో ఆల్ప్రాజోలంను ఉన్నపళంగా తీసేయరు, ఆ లెక్కలోకి కలుపుకుని తర్వాత నెలల మీద దింపుతారు. ఈ మాత్రలు వాడుతూ మందు మాత్రం ముట్టకూడదు. అలా చేస్తే మాల వేసుకునే రోజుకి మందు పూర్తిగా మానేసి ఉంటారు, మాత్ర మాత్రం కొంత మిగిలి ఉంటుంది. దీక్షలో మాత్ర వేసుకోవచ్చా అని ఆయనకి బెంగ ఉంటే గురుస్వామిని ముందే అడగండి. నా పేషెంట్ల విషయంలో ఏ గురుస్వామీ ఇంతవరకు వద్దనలేదు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే స్వాములు ఎందరో ఉన్నారు.

ఒకవేళ ఆయన మీ మాట వినకుండా ఆపేస్తే, చివరి గ్లాసు ఎన్ని గంటలకో, చివరి మాత్ర ఎప్పుడో కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆరు గంటల నుంచి రెండు రోజుల దాకా ఫిట్స్ కోసం, రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మాట తేడా కోసం కనిపెట్టుకుని ఉండాలి. ఇవాళ ఏ వారం, మనం ఎక్కడున్నాం అని పూటకోసారి అడగండి. తడబడినా, జ్వరం వచ్చినా, లేనివి కనపడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆల్ప్రాజోలం తాలూకు ఇబ్బంది కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. డయజెపామ్ లాంటి నెమ్మదిగా దిగేవి వాడేవాళ్ళకైతే వారం తర్వాత కూడా రావచ్చు.

ఎక్కడ చూపించాలో తెలియకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆయన నిద్రకు వాడే మాత్రల స్ట్రిప్పు, కొన్న చీటీ ఉంటే అదీ పట్టుకెళ్ళండి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే చెప్పండి, వెనకాల చెప్పొద్దు. రోజుకు ఒకటా రెండా అన్నది ఆయన నోటితోనే చెప్పనివ్వండి.